కరిగిన మట్టిని మళ్లీ విగ్రహం మట్టిగా: మా నిమజ్జనం తొట్టి డైరీ

ఆషాఢం చివరి వారం

హైదరాబాదులోని మా అపార్ట్‌మెంట్ల సముదాయంలో 60కి పైగా ఇళ్లలో వినాయక చవితి చేస్తారు. సెల్లారులో అందరికీ కలిపి ఒక మండపం వేస్తారు. నిమజ్జనం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరి దారి వారిదే. కొందరు బకెట్లో కలిపి చెట్టుకు పోస్తారు, కొందరు నగరపాలక సంస్థ తవ్వించిన బేబీ పాండ్‌కు తీసుకెళ్తారు, మండపం విగ్రహం లారీ ఎక్కి చెరువుకు పోతుంది. ఈసారి ఆవరణలోనే ఒక తొట్టి కట్టి, అందులో కరిగిన మట్టిని తీసి శుభ్రం చేసి, వచ్చే ఏడు విగ్రహాలు చేసే కుమ్మరికి తిరిగి ఇవ్వగలమా అని చూడాలనుకున్నాం. ఈ డైరీ ఆ పని గురించే.

కమిటీ సమావేశంలో మొదటి ప్రశ్న ప్లాస్టర్ ఆఫ్ పారిస్ గురించి వచ్చింది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 మేలో సవరించిన మార్గదర్శకాలు విగ్రహాలకు పీఓపీ వద్దని స్పష్టంగా చెప్పాయి. 2021లో తెలంగాణ హైకోర్టు హుస్సేన్‌సాగర్‌లో పీఓపీ విగ్రహాలు కలపవద్దంది, సుప్రీంకోర్టు ఆ ఒక్క ఏడాదికి వెసులుబాటు ఇచ్చింది. ఆ మరుసటి ఏడాది ఖైరతాబాదులో 50 అడుగుల విగ్రహాన్నే మట్టితో నిలబెట్టారు. అయినా బజారులో పీఓపీ దొరుకుతూనే ఉంది. తేలిక, చవక, మెరుస్తుంది, పిల్లల చేతిలో పెట్టినా అంత తేలిగ్గా చిట్లదు. "వద్దంటే తెచ్చేవాళ్లు మానరండీ, తెచ్చినవాటిని ఏం చేయాలో కూడా ఇప్పుడే అనుకోండి" అన్నారు కార్యదర్శిగారు. ఆ మాటతో ప్రాజెక్టుకు రెండో భాగం పుట్టింది: మట్టికి తొట్టి, పీఓపీకి వేరే డ్రమ్ము.

ఈ రెండూ ఎందుకు కలవకూడదో అందరికీ విడమరిచి చెప్పాల్సి వచ్చింది. జిప్సాన్ని వేడి చేసి అందులోని నీటిని చాలావరకు పోగొడితే పీఓపీ పొడి వస్తుంది. దానికి నీళ్లు తగిలితే ఆ నీటిని మళ్లీ పట్టుకుని జిప్సం రాయిగా గట్టిపడుతుంది. అంటే పీఓపీ విగ్రహం నీటి వల్లనే గట్టిపడిన వస్తువు, నీళ్లలో వేసినంత మాత్రాన మెత్తబడదు. జిప్సం లీటరు నీటిలో కరిగేది రెండు గ్రాములకు కొంచెం ఎక్కువ, అంతే. కిలోన్నర బొమ్మ పూర్తిగా కరగాలంటే లెక్కప్రకారం ఆరు వందల లీటర్లకు పైగా నీరు కావాలి. నిలవ నీటిలో బొమ్మ చుట్టూ ఉన్న నీరు అప్పటికే జిప్సంతో నిండిపోతుంది, పైన రంగు పొర అడ్డం ఉంటుంది, కాబట్టి నిజానికి ఆ లెక్క కూడా కుదరదు. ముక్కలై అడుగున పడి ఉంటుంది. అలాంటి ముక్కలు మా మట్టిలో కలిస్తే, తర్వాత కుమ్మరి వేళ్లకు అవి రాళ్లలా తగులుతాయి. వాటినుంచి ఊరే లవణం ఎండిన విగ్రహం మీద తెల్లగా పూస్తుంది. ఒక్క పీఓపీ బొమ్మ చాలు, తొట్టెడు మట్టి పాడవడానికి.

శ్రావణం, కుమ్మరి దగ్గర

మండపానికి మూడడుగుల విగ్రహం, ఇళ్లకు చిన్న విగ్రహాలు ఒకే కుమ్మరి పెద్దాయన దగ్గర చెప్పాం. మట్టి తిరిగి తెస్తామని చెప్పగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న రంగు గురించి. "ఎనామెల్ వేస్తే నా దగ్గరికి తేకండి బాబూ. ఆ పెచ్చులు మట్టిలోంచి ఏరలేక చస్తాం" అన్నారు. అందుకే ఇంటి విగ్రహాలు రంగు లేకుండా, మండపం విగ్రహానికి సుద్ద, జాజు, పసుపు మాత్రమే వేసేలా ఒప్పుకున్నాం. కళ్లకు కూడా ప్లాస్టిక్ బిళ్లలు అతికించకుండా బొగ్గు మసితో దిద్దుతానన్నారు.

మట్టిలో ఏం కలుపుతారో రాసుకున్నాను, తర్వాత విడదీయాల్సింది మేమే కదా. చిన్న విగ్రహాలకు చెరువు మట్టి, కొంచెం సన్న ఇసుక. పెద్దదానికి వెదురు చట్రం మీద వరిగడ్డి చుట్టి, మొదటి పూతలో ఊక కలిపిన మట్టి, పై పూతకు జల్లించిన మట్టి. చట్రానికి మేకులు, ఇనుప తీగ వాడకుండా కొబ్బరితాడుతోనే కట్టమని అడిగాం. తీగ ముక్క ఒకటి మట్టిలో మిగిలిపోతే దాన్ని తొక్కే కాలికి దిగుతుంది.

చవితి ముందు రోజు, గేటు దగ్గర

బయట కొన్నవాళ్ల విగ్రహాలను ఈ రోజే చూడాలి. పూజ మొదలయ్యాక విగ్రహాన్ని గీకడం ఎవరికీ మనసొప్పదు, ఒప్పకూడదు కూడా. గేటు దగ్గర ఒక బల్ల, తడిగుడ్డ, చిన్న మేకు, నీళ్ల గ్లాసు పెట్టుకుని కూర్చున్నాం.

బరువు, మోత మొదటి సూచనలు. పీఓపీ బొమ్మను అచ్చులో పలుచగా పోస్తారు, లోపల బోలు, అందుకే చూపుకు పెద్దది, చేతికి తేలిక. కానీ ఆ ఒక్కదాన్నే నమ్మలేం. అడుగున రంగు లేనిచోట మేకుతో గీకి, తడి వేలితో రుద్దితే తేలిపోతుంది. మట్టి అయితే బంకగా వేలికి అంటుతుంది. పీఓపీ అయితే తెల్లటి పొడి రాలుతుంది, తడి చేసినా సాగదు. అనుమానం ఉంటే గోరంత పెచ్చు గ్లాసు నీళ్లలో వేస్తే ఎండిన మట్టి కాసేపట్లోనే బుడగలు వదులుతూ గ్లాసు అడుగున కుప్పగా విడిపోతుంది. పీఓపీ పెచ్చు పెచ్చుగానే ఉంటుంది.

ఈ పరీక్ష అవసరం ఎంతో రెండో అంతస్తు పిన్నిగారు తెచ్చిన విగ్రహంతో తెలిసింది. మట్టి రంగులో, గరుకుగా, ఎవరు చూసినా మట్టిదే అనేలా ఉంది. అమ్మినవాళ్లు మట్టి విగ్రహమనే చెప్పారట. గీకితే లోపల తెల్లగా కనబడింది. ఆవిడ చాలా బాధపడ్డారు. "మట్టిదనే ఎక్కువ డబ్బు పెట్టి తెచ్చానమ్మా" అన్నారు. కుమ్మరి దగ్గర అదనంగా చేయించిన విగ్రహాల్లో ఒకటి ఇచ్చాం. పూజ దానికి చేసుకుని, తెచ్చినదాన్ని డ్రమ్ము ప్రయోగానికి మాకు ఇచ్చేశారు. పీఓపీ అని తెలిసే తెచ్చుకున్న ఇళ్లు కూడా కొన్ని ఉన్నాయి. వాళ్లకు మేం చెప్పింది ఒకటే: పక్కన చిన్న మట్టి గణపతినో, పసుపు గణపతినో పెట్టి నిమజ్జనం దానికి చేయండి, పెద్దదాన్ని దాచుకుని వచ్చే ఏడు మండపానికి వాడండి. పీఓపీ బొమ్మ విషయంలో ఇంతకంటే మంచి ఉపాయం నాకు కనబడలేదు. ఎక్కువమంది సంతోషంగానే ఒప్పుకున్నారు.

తొట్టి

పిల్లలు ఆడే స్థలం పక్కన ఇటుకలు సిమెంటు లేకుండా పేర్చి, లోపల మందమైన టార్పాలిన్ పరిచాం. పొడవు పదడుగులు, వెడల్పు ఆరడుగులు, నీళ్లు రెండడుగుల లోతు. అంటే దాదాపు 3,400 లీటర్లు. టార్పాలిన్ కింద ఇసుక పరచడం ముఖ్యం, లేకపోతే నీటి బరువుకు ఇటుక అంచు తగిలి చిరుగుతుంది. ఒక మూలను నాలుగు వేళ్ల మేర పల్లంగా ఉంచాం, చివర్లో మడ్డి అక్కడికి చేరేలా. నీళ్లు వాన నీటి సంపు నుంచే పట్టాం.

ఎక్కువ రోజులు నీళ్లు నిలవ ఉంచితే దోమలు పుడతాయి. గుడ్డు నుంచి దోమ అవడానికి వారం పదిరోజులు చాలు. మూడో రోజు మొదలుపెట్టి అనంత చతుర్దశి దాకా ఒకే నీళ్లు ఉంచే ఆలోచనను అందుకే మానుకున్నాం. ఇళ్ల విగ్రహాలన్నీ మూడో రోజు సాయంత్రం, మండపం విగ్రహం చతుర్దశి నాడు, మధ్యలో తొట్టి ఖాళీ. అయిదో రోజు, తొమ్మిదో రోజు ఆనవాయితీ ఉన్న ఇళ్లు ఇంట్లోనే బకెట్లో కలిపి ఆ నీళ్లు మాకు తెచ్చి ఇస్తామన్నాయి.

మూడో రోజు సాయంత్రం

ఉద్వాసన చెప్పి కిందికి తెచ్చిన ప్రతి విగ్రహమూ తొట్టికి ముందు మూడు బుట్టలు దాటాలి. పూలు, పత్రి ఒకదాంట్లో. వస్త్రం, జరీ, పూసలు, కిరీటం రెండో దాంట్లో. కొబ్బరికాయలు, పండ్లు మూడో దాంట్లో. మొదట్లో వరుస నెమ్మదిగా కదిలింది, తర్వాత పిల్లలే బుట్టల దగ్గర నిలబడి పని చక్కబెట్టారు.

రంగు లేని చిన్న విగ్రహాలు కరగడం చూస్తుంటే మనసు నిండింది. నీళ్లు తగిలీ తగలగానే బుడగలు, ముందు చెవుల అంచులు, తర్వాత తొండం, చూస్తుండగానే ఆకారం జారిపోయింది. రాత్రయ్యేసరికి అడుగున మెత్తటి పొర తప్ప ఏమీ లేదు.

మర్నాడు పొద్దున నీళ్లు ఇంకా చిక్కటి మట్టి రంగులోనే ఉన్నాయి. సన్నటి మట్టి రేణువులు వాటంతటవి దిగడానికి చాలా సమయం పడుతుంది. పటిక వేయాలి, కానీ ఎంతన్నది ఆ మట్టిని బట్టి ఉంటుంది, ఊహించి వేయకూడదు. మూడు బకెట్లలో ఇరవై లీటర్ల చొప్పున తొట్టి నీళ్లే తీసుకుని, 2, 4, 8 గ్రాముల పటిక కరిగించి కలిపాం. అరగంట తర్వాత రెండు గ్రాముల బకెట్ మబ్బుగానే ఉంది, నాలుగు గ్రాములదాంట్లో పైన తేట కనిపించింది, ఎనిమిది గ్రాములది దానికంటే పెద్దగా మెరుగు కాదు. నాలుగు గ్రాముల లెక్కన తొట్టికి 680 గ్రాములు. దాన్ని బకెట్ నీళ్లలో కరిగించి చుట్టూ పోస్తూ కర్రతో నెమ్మదిగా కలిపాం. గట్టిగా కలిపితే అప్పుడే కట్టిన ముద్దలు మళ్లీ విరిగిపోతాయి. సాయంత్రానికి పై నీరు తేరుకుంది. గొట్టం పెట్టి తేట మాత్రం లాగి ప్రహరీ వెంట చెట్లకు పెట్టాం. రంగులు లేని విగ్రహాలు కాబట్టే ఆ ధైర్యం చేశాం.

పీఓపీ డ్రమ్ము

పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాల చూపించిన పద్ధతి ఇది. పుణె నగరపాలక సంస్థ ఇళ్లలో నిమజ్జనం కోసం ప్రజలకు ఈ రసాయనాన్ని పంచింది కూడా. బేకరీల్లో బిస్కెట్లు పొంగడానికి వాడే అమ్మోనియం బైకార్బొనేట్ నీళ్లలో కరిగించి, పీఓపీ బొమ్మను అందులో ముంచుతారు. ఇందులో జరిగేది వట్టి కరగడం కాదు, మారడం:

```
CaSO4·2H2O + 2NH4HCO3 → CaCO3 + (NH4)2SO4 + CO2 + 3H2O
```

జిప్సం పోయి సుద్ద మెత్తగా అడుగున దిగుతుంది, అమ్మోనియం సల్ఫేట్ నీళ్లలో ఉండిపోతుంది, అదే ఎరువుల దుకాణంలో అమ్మేది. లెక్కప్రకారం 172 గ్రాముల జిప్సానికి 158 గ్రాముల బైకార్బొనేట్ కావాలి. అంటే ఇంచుమించు బొమ్మంత బరువు, పైన కొంత మిగులు.

పిన్నిగారి బొమ్మ కిలోన్నర తూగింది. పది లీటర్ల నీళ్లలో రెండు కిలోల బైకార్బొనేట్ కలిపాం. బొమ్మను నిలువునా మునిగేలా ఉంచి, డ్రమ్మును మేడ మీద గాలి ఆడేచోట పెట్టాం. మూత బిగించకూడదు, లోపల బొగ్గుపులుసు వాయువు పుడుతూనే ఉంటుంది. పైన పలుచటి గుడ్డ కట్టాం. అమ్మోనియా వాసన ఘాటుగా ఉంటుంది, ముఖం డ్రమ్ము మీదికి వంచకూడదు. పిల్లల్ని అటు రానివ్వలేదు.

మొదట నురగ కనిపించి, కొన్ని గంటలకు ఆగిపోయినట్టు అనిపించింది. కారణం తెలుసుకోవడం తేలికే. బొమ్మ మీద తయారైన సుద్ద అక్కడే పొరగా అంటుకుని, లోపలి జిప్సానికి ద్రావణం అందనివ్వదు. రంగు పొర కూడా అదే పని చేస్తుంది. పాత కుంచెతో ఆ పొరను తోమేయగానే నురగ మళ్లీ మొదలైంది. పూటకోసారి తోమడం, కలపడం, అంతే ఇక మిగిలిన పని. రంగు మాత్రం కరగలేదు, పొరలుగా ఊడి తేలింది. దాన్ని జల్లెడతో తీసి విడిగా సంచిలో కట్టాం. లోపల అచ్చుకు బలంగా పెట్టిన పీచు కూడా బయటపడింది.

అయిందా లేదా అన్నది చూపుతో తెలియదు, మిగిలిన ముక్కా తెలుపే, సుద్దా తెలుపే. ముక్కను విరిచి కడిగి మధ్యలో వెనిగర్ చుక్క వేస్తే, సుద్దగా మారినచోట పొంగుతుంది, జిప్సం మిగిలినచోట ఊరుకుంటుంది. మందపాటి అడుగుభాగం, పాదాల ముక్కలు మరునాడు కూడా మధ్యలో పొంగలేదు. వాటిని చితక్కొట్టి మళ్లీ వేశాకనే పూర్తయింది.

మిగిలింది కిలోకు కాస్త తక్కువ సుద్ద, ఎరువు నీళ్లు. ఆ నీళ్లలో అమ్మోనియం సల్ఫేట్ పదిశాతం దాకా ఉంటుంది, నేరుగా పోస్తే ఏ మొక్కైనా మాడిపోతుంది. ముప్ఫై రెట్లు నీళ్లు కలిపి పచ్చికకు కొద్దికొద్దిగా చల్లాం. కూరగాయల మడికి పోయలేదు. ఆ రంగులో ఏ లోహాలు ఉన్నాయో పరీక్ష చేయించకుండా తినే పంటకు పెట్టడం సరికాదు.

ఈ పద్ధతి మీద నా అభిప్రాయం: ఇంటి బొమ్మకు పనికొస్తుంది, మండపం బొమ్మకు రాదు. వందల కిలోల విగ్రహానికి వందల కిలోల బైకార్బొనేట్, అంతకు అయిదారు రెట్ల ద్రావణం, ఆ అమ్మోనియా, ఆ ఎరువు నీళ్లు ఎక్కడ పెడతారు? పెద్ద పీఓపీ విగ్రహాన్ని విప్పి దాచుకుని మళ్లీ వాడుకోవడమే దారి.

పత్రి బుట్ట

పూజ పత్రిని ఆవుకు పెట్టడం మంచిదని చాలామంది నమ్మకం. మా కాపలాదారు కూడా బుట్టను గోశాలకు తీసుకెళ్తానన్నాడు. ఆపాం. 21 పత్రాల్లో దత్తూరం అంటే ఉమ్మెత్త, కరవీరం అంటే గన్నేరు, అర్కం అంటే జిల్లేడు. మూడూ పశువులకు విషమే, గన్నేరు మరీను. గరిక మాత్రం వేరు చేసి ఇచ్చాం. మిగతాదంతా ఎండుటాకులతో పొరలుగా కంపోస్టు గుంటలో వేశాం. పూలదండల్లో నైలాన్ దారాలు ముందే తెంపాల్సి వచ్చింది, అదే ఎక్కువ సమయం తినేసింది.

చతుర్దశి తర్వాత

మండపం విగ్రహం తొట్టిలో సగమే కరిగింది. చేతులు, తల పోయాయి, పొట్ట మాత్రం ముద్దగా కూర్చుంది. నీళ్లలోనే ఇంకొన్నాళ్లు ఉంచుదామని కొందరన్నారు. ఉంచినా లాభం లేదని కుమ్మరి పెద్దాయన ఫోనులో చెప్పారు. "లోపల పచ్చి ఉంది బాబూ. పచ్చిమట్టి నీళ్లలో విడదు, ఎండితేనే విడుతుంది." కారణం ఇది: పూర్తిగా ఎండిన మట్టి సందుల్లో గాలి ఉంటుంది, నీళ్లు చొరబడుతూ ఆ గాలిని తరిమితే లోపలినుంచే మట్టి పగులుతుంది. పచ్చిమట్టి సందుల్లో అప్పటికే నీళ్లుంటాయి, కొత్త నీళ్లకు చోటులేదు. పెద్ద విగ్రహం పొట్ట దగ్గర పూత మందం, పైగా వానాకాలం, అక్కడ ఎండలేదు.

పొట్టను పెకలించి, అరచేతి మందం ముక్కలు చేసి, రేకు కింద పరిచి ఆరబెట్టాం. విరిస్తే లోపల రంగు ఒక్కటిగా, లేతగా కనిపించే దాకా ఆగి మళ్లీ నీళ్లలో వేస్తే, చిన్న విగ్రహాల్లాగే బుడగలు వదులుతూ విడిపోయింది. వచ్చే ఏడు పెద్ద విగ్రహం ఆషాఢంలోనే మొదలుపెట్టమని పెద్దాయనకు చెప్పాం.

మట్టి తీయడం

ముందు ఇసుక జల్లెడతో గడ్డి, తాడు, తప్పిపోయిన పూసలు తీశాం. తర్వాత దోమతెర గుడ్డలోంచి ఊక. ఊకను మిగలనిస్తే కుళ్లి మట్టి కంపు కొడుతుంది. జారుగా ఉన్న మట్టిని ఇటుకల మీద పరిచిన పాత నూలు చీరల్లో పోసి, నీరు ఊరిపోయేదాకా ఉంచి, పిసికి ముద్దలు చేశాం.

తొట్టి అడుగున ఇసుక ముందే దిగి, మీగడలాంటి సన్న మట్టి పైన తేలినట్టు నిలిచింది. చూడ్డానికి ఆ పై మట్టే అందంగా ఉంటుంది, కానీ దాన్ని ఒక్కదాన్నే వాడితే విగ్రహం పగుళ్లు తీస్తుంది. ఆరితే ఎంత కుంచించుకుపోతుందో చూడటానికి పై మట్టితో పట్టీలు చేసి, ఒక్కోదానిమీద పది సెంటీమీటర్ల గీత గీసి నీడలో ఆరబెట్టాం. గీత 8.8కి వచ్చింది, అంచుల్లో పగుళ్లు. అడుగున దిగిన ఇసుకను అయిదు పాళ్ల మట్టికి ఒక పాలు చొప్పున తిరిగి కలిపి చేసిన పట్టీ 9.3 దగ్గర ఆగింది, పగుళ్లు లేవు. పెద్దాయన ఆ పట్టీని విరిచి, నాలుకకు తాకించి, "ఇది పనికొస్తుంది" అన్నారు.

అయిదో అంతస్తు తాతగారికి ఒక సందేహం మిగిలింది, పూజించిన మట్టితో మళ్లీ విగ్రహం చేయవచ్చా అని. పెద్దాయనే జవాబిచ్చారు: "ఉద్వాసన చెప్పాక అది మట్టే కదయ్యా. చెరువులోకి పోయినా మళ్లీ అక్కడినుంచి తవ్వి తెచ్చేది మేమే." తాతగారు ఒప్పుకున్నారు. ఒప్పుకోలేని ఇళ్లవారి కోసం కొంత మట్టిని మొక్కల కుండీలకు విడిగా తీశాం. మిగతాది ప్లాస్టిక్ సంచుల్లో తడి ఆరకుండా కట్టి, మూత ఉన్న రెండు డ్రమ్ముల్లో పెట్టాం, ఒకదానిమీద "పై మట్టి", ఇంకోదానిమీద "ఇసుక కలిపినది" అని రాసి. తడిగా నిలవ ఉంటే మట్టికి సాగుదల పెరుగుతుందట. మాఘంలో మూత తీసి, కొత్తగా పట్టీలు చేసి, మళ్లీ కొలిచాకే కుమ్మరి ఇంటికి పంపాలని నిర్ణయం.